రాత్రి పదింటి దగ్గు, మధ్యాహ్నం మూడింటి పెయింటు

గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది: "బేకరీ, పార్లర్, కార్ పెయింటింగ్ చేసేవాళ్ళకి ఆయాసం వస్తే పని వల్లే అని భయపెడుతున్నారు, నమ్మకండి. పని పడకపోతే మొదటి వారంలోనే తెలిసిపోతుంది. రాత్రి ఇంట్లో దగ్గొస్తే అది ఇంటి దుమ్ము. ఆదివారం కూడా తగ్గట్లేదంటే పనికి సంబంధమే లేదు. హాస్పిటల్లో ఊదే టెస్ట్ నార్మల్ వస్తే ఆస్తమా లేనట్టే. మాస్క్ కట్టుకుంటే చాలు."

నేను ఊపిరితిత్తుల క్లినిక్‌లో ఆ ఊదే టెస్టులు చేయించే టెక్నీషియన్ని. ఇది ఎవరు రాశారో తెలీదు కానీ ఇందులో ప్రతి లైనూ చదివి ఎవరో ఒకరు ఇంకో ఏడాది అదే షెడ్డులో ఉండిపోతారు, అందుకే రాస్తున్నా.

మొదటి వారం సంగతి ముందు. ఘాటుకి గొంతు మండటం వేరండీ, అది మొదటి రోజే వస్తుంది. పని వల్ల వచ్చే ఆస్తమా ఎక్కువగా అలర్జీ లాంటి వ్యవహారం, ఒంటికి ఆ పదార్థం మీద పగ పుట్టడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్ళు. బేకరీలో మైదా బస్తా దులిపేటప్పుడు లేచే పిండి, దాంతోపాటు బ్రెడ్ ఇంప్రూవర్‌లో ఉండే అమైలేజ్ అనే ఎంజైము. పార్లర్‌లో జుట్టుకి వేసే బ్లీచ్ పౌడర్‌లోని పర్సల్ఫేట్లు, పౌడర్‌ని డెవలపర్‌లో కలిపేటప్పుడు లేస్తుంది చూడండి తెల్లగా, అదే. పెయింటర్లకి పీయూ, అంటే పాలీయురేథేన్ పెయింట్‌లో కలిపే హార్డ్‌నర్, అందులో ఐసోసైనేట్లు ఉంటాయి. ముఖ్యంగా బేకరీవాళ్ళకి చాలాసార్లు ముందు ముక్కు మొదలవుతుంది, తుమ్ములు, నీళ్ళు కారడం, కళ్ళ దురద, ఆ తర్వాత కొన్నాళ్ళకి ఛాతీలో పిల్లికూతలు. "పదేళ్ళుగా ఇదే పిండి కదా, ఇప్పుడే ఎందుకు పడదు" అని అడుగుతారు, పదేళ్ళుగా పీల్చారు కాబట్టే. ఇదేం కొత్తగా పుట్టించిన జబ్బు కూడా కాదు, ఇటలీలో రమజ్జిని అనే డాక్టరు 1700లోనే రొట్టెలు చేసేవాళ్ళ ఆయాసం గురించి పుస్తకంలో రాశాడు.

ఇక రాత్రి, ఆదివారం. ఈ రెండూ కలిపి చెప్తా, ఎందుకంటే ఒకే మనిషి చార్టులో రెండూ కనిపించాయి.

ఆటోనగర్‌లో ఒక షెడ్డులో స్ప్రే పెయింటర్, ముప్పై నాలుగేళ్ళు, రెండేళ్ళుగా పీయూ కొడుతున్నాడు. షెడ్డులో ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు, రాత్రి భోంచేసి పడుకోబోతే దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. వాళ్ళావిడ దుప్పట్లన్నీ ఉతికింది, పరుపు మార్చారు, పాపం పెంపుడు కుక్కని కూడా ఊరికి పంపేశారు. ఐసోసైనేట్ల గుణమే అది, చాలామందిలో పీల్చినప్పుడు ఏమీ అనిపించదు, నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. మధ్యాహ్నం మూడింటికి స్ప్రే గన్ను పట్టుకుంటే లెక్కేసుకోండి.

అతనికి పీక్ ఫ్లో మీటర్ ఇచ్చాం. ప్లాస్టిక్ గొట్టం, కొన్ని వందల్లో వస్తుంది, నిండా గాలి పీల్చి ఒక్క ఊపున ఊదితే ముల్లు ఒక అంకె దగ్గర ఆగుతుంది, అంకె ఎంత పెద్దదైతే ఊపిరి గొట్టాలు అంత తెరుచుకున్నట్టు. ప్రతిసారీ మూడుసార్లు ఊది పెద్ద అంకె రాయాలి, పైనున్న రెండు అంకెల మధ్య తేడా 20 దాటితే ఇంకోసారి ఊదాలి. రోజుకి కనీసం నాలుగుసార్లు, లేవగానే, మధ్యాహ్నం, పని అయ్యాక, పడుకునే ముందు, రెండు గంటలకోసారి ఊదితే ఇంకా మంచిది. నాలుగు వారాలు రాయమన్నాం, మధ్యలో సంక్రాంతి సెలవు వచ్చేలా చూసి.

పండగ ముందు శనివారం రాత్రి 310. ఆదివారం లేవగానే 330, రాత్రికి 360. ఇక్కడితో ఆపితే మెసేజ్ రాసినాయనే కరెక్టు, సెలవు రోజూ బాగోలేదు కదా. కానీ వారమంతా బిగిసిన గొట్టాలు ఒక్క రోజులో తెరుచుకోవు, జబ్బు ముదిరేకొద్దీ కోలుకోడానికి పట్టే రోజులు పెరుగుతాయి. ఊరెళ్ళిన మూడో రోజు 400 దాటింది, ఆరో రోజు 470, చివరి రెండు రోజులు పొద్దున్నించి రాత్రిదాకా 470, 490 మధ్యే తిరిగింది, అంటే రోజులో తేడా నాలుగు శాతం. తిరిగొచ్చిన రోజు పొద్దున 480, మూడింటికి స్ప్రే, అయిదింటికి 450, రాత్రి పదింటికి 360. 480లోంచి 360 తీసేస్తే 120, అది 480లో పాతిక శాతం. తేడా 20 శాతం దాటితేనే మేం అనుమానంగా చూస్తాం, అదీ పని రోజుల్లో ఎక్కువ, సెలవుల్లో తక్కువ అయితే ఇంక చెప్పక్కర్లేదు. ఊళ్ళో కూడా దుమ్ముంది, పరుపుంది, భోగిమంట పొగ కూడా ఉంది. లేనిది హార్డ్‌నర్ ఒక్కటే.

చార్టు చెడిపోయే దారులు కూడా చెప్పాలి. కొందరు వారం చివర కూర్చుని అంతా ఒకేసారి నింపేస్తారు, 400, 400, 400 అని గుండ్రంగా ఉంటే మాకు తెలిసిపోతుంది. మధ్యలో ఇన్‌హేలర్ డోసు మారిస్తే పోలిక పోతుంది, రిలీఫ్ పఫ్ వాడితే టైము పక్కనే రాయాలి, జలుబు చేసినా రాయాలి. ఉద్యోగం మానేశాక మొదలుపెట్టిన చార్టుతో పని వల్లో కాదో తేలదు, పనిలో ఉన్నప్పుడే రాయాలి. అలాగని మొండిగా కూర్చోవద్దు, అంకె మీ బెస్ట్‌లో సగానికి పడిపోతే చార్టు పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి. ఇంకోటి, చార్టు పని వల్ల అని చెప్తుంది కానీ ఏ పదార్థమో చెప్పదు, ముందే ఉన్న ఆస్తమా పనిలో రేగుతోందా కొత్తగా పుట్టిందా అన్నదీ చెప్పదు. అది డాక్టరు మిగతా టెస్టులతో తేల్చాలి.

హాస్పిటల్ టెస్ట్ నార్మల్ అన్న పాయింటుకి పెద్ద జవాబు అక్కర్లేదు. ఈ పెయింటర్‌కి కూడా ఆ ఊదే టెస్ట్, అదే స్పైరోమెట్రీ, నార్మలే వచ్చింది, ఎందుకంటే నాలుగు రోజులు సెలవు పెట్టి రెస్ట్ తీసుకుని, పొద్దున పదింటికి ఫ్రెష్‌గా వచ్చి ఊదాడు. ఆస్తమా గంటకో రకంగా మారే జబ్బు, ఒక ఫోటో తీసి సినిమా అంతా చూశానంటే ఎలా.

మాస్క్ గురించి మాత్రం కోపం వస్తుంది నాకు. కర్చీఫ్, సర్జికల్ మాస్క్ ఐసోసైనేట్‌ని ఆపవు, స్ప్రే కొట్టేవాళ్ళకి కావాల్సింది బయటి శుభ్రమైన గాలి పైపుతో అందించే మాస్క్. అది ఉన్నచోట కూడా ఫినిషింగ్ చూద్దామని కొట్టగానే పైకెత్తేస్తారు, కంటికి కనపడని తుంపర అప్పటికింకా గాల్లోనే ఉంటుంది. వాసన పోయింది కదా అంటారు, ముక్కుకి తగిలేది థిన్నర్ వాసన, ఐసోసైనేట్ హాని చేసే మోతాదులో వాసనే రాదు. పైగా ఒకసారి పడకపోవడం మొదలయ్యాక చాలా కొంచెం చాలు.

మనవాడు ఓనర్‌తో మాట్లాడి పెయింటింగ్ మానేసి అదే షెడ్డులో టింకరింగ్‌కి మారాడు, గన్ను ముట్టుకోలేదు, ఇంకో నాలుగు వారాలు చార్టు రాశాడు. మామూలు రోజుల్లో 460, 480. అవతలి మూల ఇంకొకడు పీయూ కొట్టిన మూడు రోజుల్లో రాత్రి అంకె 390, 400, 380. ఇప్పుడు పక్క వీధిలో సీట్ కవర్లు కుడుతున్నాడు, జీతం తక్కువ, ఇన్‌హేలర్ ఇంకా వాడుతూనే ఉన్నాడు.