‘మీ వదిన ఒప్పుకోవట్లేదురా’ అనే మాట గురించి

ఈ పోస్ట్ చాలా రోజులుగా రాద్దామనుకుంటూ వాయిదా వేస్తున్నాను. మా ఆయన చదివి, సరే పెట్టెయ్ అన్నాకే పెడుతున్నాను.

మా మరిది మాకు అప్పు అడగడం మూడేళ్ల కిందట మొదలైంది. మొదటిసారి ఇల్లు మారడానికి అడ్వాన్స్ కోసం అడిగాడు. ఇచ్చాం. రెండు నెలల్లో, అన్న రోజుకే, మొత్తం తిరిగిచ్చాడు. నన్నడిగితే అసలు చిక్కంతా ఆ మొదటి అప్పుతోనే వచ్చింది. అప్పుడే ఎగ్గొట్టి ఉంటే రెండోసారి జాగ్రత్తపడేవాళ్లం. తీర్చాడు కాబట్టి రెండోసారి ఆలోచించకుండా ఇచ్చాం. రెండోసారి సగమే వచ్చింది. మూడోసారి నుంచి తిరిగిచ్చే తేదీ గురించి అతను చెప్పడం మానేశాడు, మేం అడగడం మానేశాం.

మా ఆయన కాదనలేని మనిషి. కాదనాల్సి వచ్చినప్పుడల్లా ఆయన దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. "నాకు ఇవ్వాలనే ఉందిరా, మీ వదినే ఒప్పుకోవట్లేదు." నేను పక్క గదిలో బట్టలు మడతపెడుతూ వినేదాన్ని. ఆ మాటతో ఆ పూటకు గండం గడిచేది, నిజమే. కానీ దాంతో ఏం జరుగుతుందో ఆలోచించండి. అన్నయ్య మంచోడు, వదినే అడ్డం అని తేలిపోతుంది. అంటే డబ్బుంది, ఇచ్చే మనసూ ఉంది, దాటాల్సింది వదిన ఒక్కతినే. ఇక ఆ వదినని దాటడానికి దారులు వెతుకుతారు. నాకు తెలియకుండా అడగడం ఒక దారి. నన్నే మెత్తబరచడం ఇంకో దారి. మా విషయంలో రెండూ జరిగాయి.

ఒకరోజు మా తోటికోడలు ఫోన్ చేసింది. అరగంట పిల్లల గురించి మాట్లాడి, చివర్లో "అక్కా, బావగారు సరే అన్నారు, మీరు ఊఁ అంటే చాలంట" అంది. ఆయనే సరేనన్నాక నేనెందుకు చెడ్డదాన్నవ్వాలి అనుకుని ఊఁ అన్నాను. రాత్రి ఆయనతో అంటే, "నువ్వు ఒప్పుకున్నావని వాడు చెబితేనే కదా నేను పంపాను" అన్నారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నవ్వు కూడా రాలేదు.

అప్పుడైనా బుద్ధి రావాలి, రాలేదు. ఒక నెల మా లోన్ ఈఎంఐ బౌన్స్ అయ్యాక వచ్చింది. ఖాతాలో ఉండాల్సిన డబ్బు నాలుగు రోజుల ముందే మరిదికి వెళ్లిపోయింది. నాకు చెప్పలేదు. చెప్తే గొడవవుతుందని దాచారు, దాచారని తెలిసి అంతకు రెండింతల గొడవైంది. ఆ గొడవలో నేను "మీ వాళ్లు" అన్న ప్రతిసారీ ఆయన మొహం మాడిపోవడం చూశాను. నేను మాట్లాడుతున్నది డబ్బు గురించే. ఆయనకు వినబడుతున్నది మాత్రం ఆయన పుట్టిన ఇంటి మీద నా తీర్పు. అలా వినబడినంతసేపు ఏ మనిషైనా తన తమ్ముణ్ణి వెనకేసుకొస్తాడు, లోపల తనకూ విసుగ్గానే ఉన్నా సరే.

మర్నాడు వాదించడం మానేసి ఒక పని చేశాం. బ్యాంక్ యాప్‌లో మూడేళ్ల స్టేట్‌మెంట్ తీసి, మరిది పేరుతో వెతికాం. "ఎన్నిసార్లు ఇచ్చుంటారు?" అని ముందే ఆయన్ని అడిగాను. "నాలుగో, అయిదో" అన్నారు. లెక్కపెడితే వెళ్లినవి 11, వచ్చినవి 3. వెళ్లింది మొత్తం ఆయన అయిదు నెలల జీతం. వచ్చింది ఒక నెల జీతం కూడా లేదు. ఆయన ఫోన్ కిందపెట్టి మళ్లీ తీసి ఇంకోసారి లెక్కపెట్టుకున్నారు. ఆయన నాకు అబద్ధం చెప్పలేదు, నిజంగానే తెలియదు. ప్రతిసారీ కొంచెమే కదా, ఒక్కటీ గుర్తుండదు. నేను మూడేళ్లు అరిచినా కానిది ఆ వరస చేసింది.

అక్కడ నేనూ ఒకటి బయటపెట్టాల్సి వచ్చింది. మా చెల్లికి నేనిచ్చినవి రెండున్నాయి. ఒకటి ఆయనకు తెలుసు, ఒకటి తెలియదు. దాన్ని కూడా అదే కాగితం మీద రాశాను. రాయకపోయి ఉంటే మేం తర్వాత అనుకున్నదేదీ నాలుగు రోజులు కూడా నిలిచేది కాదని నా నమ్మకం. ఒకవైపు వాళ్లకే వర్తించే రూలును ఆ వైపు మనిషి ఎందుకు పాటిస్తాడు?

మేం అనుకున్నది పెద్దదేం కాదు. అప్పు ఎవరికీ ఇవ్వం, రెండు వైపులా. ఏడాదికి కొంత పక్కన పెడతాం, అవసరమనిపిస్తే అందులోంచి ఇస్తాం, తిరిగి రావాలని అనుకోం. అది అయిపోతే ఆ ఏడాదికి అంతే. ఆ డబ్బుందని బయట ఎవరికీ చెప్పం, ఎందుకంటే చెప్పిన రోజే దానికి క్యూ మొదలవుతుంది. ఆసుపత్రి లాంటిదొస్తే బిల్లు మేమే నేరుగా కడతాం, చేతికివ్వం. హామీ సంతకం మాత్రం అసలు లేదు. సంతకమే కదా, డబ్బు కాదు కదా అంటారు గానీ, తీసుకున్నవాడు కట్టకపోతే బ్యాంకు వచ్చేది సంతకం పెట్టినవాడి దగ్గరికే. అది అప్పివ్వడం కన్నా ఘోరం. ఇచ్చిన అప్పయితే ఎంత పోతుందో ముందే తెలుసు, ఇక్కడ వడ్డీతో కలిపి ఎంతవుతుందో తెలియదు.

పాత బాకీ దగ్గర మా ఇద్దరికీ కుదరలేదు. వదిలేశామని చెప్పేద్దాం, భారం దిగుతుంది అన్నాన్నేను. అలా చెబితే వాడు చిన్నబుచ్చుకుంటాడు, లేదంటే పాతది మాఫీ అయింది కాబట్టి కొత్తది అడగొచ్చు అనుకుంటాడు అన్నారాయన. ఆయన తమ్ముడు ఆయనకే బాగా తెలుసు. ఆ మాటెత్తకుండా ఊరుకున్నాం.

తర్వాతి ఫోన్ పది రోజులకొచ్చింది. ఎవరి రక్తసంబంధమైతే వాళ్లే మాట్లాడాలని ముందే అనుకున్నాం. నేను చెబితే అది వదిన పెత్తనం, అన్నయ్య చెబితే ఇంటి నిర్ణయం. మాటలు కూడా ముందే రాసుకున్నాం, నవ్వకండి. స్పీకర్ పెట్టి ఆయన మాట్లాడారు, నేను పక్కన నోరు మూసుకుని కూర్చున్నాను.

"ఒరేయ్, మేమిద్దరం మాట్లాడుకున్నాం. ఇకనుంచి అప్పులు ఇవ్వకూడదనుకున్నాం. నీకే కాదు, ఎవరికీ."

"వదిన చెప్పిందా?"

"ఇద్దరం అనుకున్నాంరా."

"ఈ ఒక్కసారికి అన్నయ్యా. పోనీ సగం. ఎంతుంటే అంత."

ఈ 'ఎంతుంటే అంత' దగ్గర ఒక్క క్షణం ఆగండి. నిజంగా ఒక ఖర్చు మీద పడ్డవాడికి లెక్క తెలుస్తుంది. ఇంత కావాలి, ఫలానా రోజుకి, ఫలానా దానికి అంటాడు, సగం ఇస్తే సగం పనే అవుతుందని కూడా అతనే చెప్తాడు. ఎంతైనా పర్వాలేదన్నాడంటే అక్కడున్నది ఒక ఖర్చు కాదు, ప్రతినెలా పడే గొయ్యి. అందులో ఎంత పోసినా వచ్చే నెలకు మళ్లీ ఖాళీయే. మాకిది ఆ స్టేట్‌మెంట్ చూశాకే అర్థమైంది. 11 సార్లలో కచ్చితమైన అంకె చెప్పి అడిగింది మొదటి రెండుసార్లే.

ఆయన తడబడ్డారు. "అది కాదురా, ఈ నెల ఈఎంఐ..." అని మొదలుపెట్టారు. నేను ముందున్న కాగితం మీద వేలు పెట్టి చూపించాను. దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: కారణం చెప్పొద్దు. ఈ నెల ఈఎంఐ ఉందంటే, అయితే వచ్చే నెల ఇవ్వు అంటారు. చేతిలో లేవంటే, జీతం పడ్డాక చూడు అంటారు. మనం చెప్పే ప్రతి కారణానికీ అవతల ఒక పరిష్కారం సిద్ధంగా ఉంటుంది. ఏ కారణమూ లేని 'లేదు'కి ఉండదు. ఆయన గొంతు సవరించుకుని "లేదురా" అన్నారు. అవతల చాలాసేపు మాట లేదు. ఇవతల ఆయన నుదురంతా చెమట. తమ్ముడికి కాదని చెప్పడం అంత కష్టమని నాకు ఆ రోజే తెలిసింది. అప్పటిదాకా ఆయనది మెతకతనం అనుకునేదాన్ని.

అక్కడితో అయిపోలేదు. ఒకసారి గట్టిగా కాదన్నాక అడగడం తగ్గుతుందనుకుంటాం, ముందు పెరుగుతుంది. ఎందుకంటే ఇన్నాళ్లూ మేం నేర్పిందే అది. నాలుగుసార్లు కాదని అయిదోసారి ఇస్తే, అవతలివాళ్లకు అర్థమయ్యేది అయిదుసార్లు అడగాలని. రెండు నెలల్లో ఆరుసార్లు అడిగాడు. ఆ రెండు నెలల్లో ఒక్కసారి జారినా ఇక ఏడోసారికి కూడా తెగేది కాదు.

అన్నిటికన్నా కష్టమైంది మా అత్తయ్య ఫోన్. "వాడికొద్దులేరా, నాకివ్వు. నేను వాడికి సర్దుతాను" అన్నారు. కన్నతల్లికి లేదని ఎలా అంటారు? ఆయన అన్నది ఇది: "అమ్మా, నీకేం కావాలన్నా నేను చూసుకుంటా. వాడికోసమైతే మాత్రం ఇవ్వలేం." ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు ఆవిడ మందుల బిల్లు ప్రతినెలా మేమే నేరుగా కడుతున్నాం. ఆవిడ తన సొంత డబ్బు కొడుక్కిస్తే అది ఆవిడ ఇష్టం, అందులో మేం వేలు పెట్టం.

భార్యాభర్తల్లో ఒకరికి ఆపాలనే లేకపోతే ఏం చేయాలని ఈ మధ్య ఒకావిడ అడిగింది. అప్పుడు ఇద్దరూ కలిసి కాదనడం కుదరదు, అక్కడ నటించడం దండగ. ఇంటి ఖర్చుకి, వాయిదాలకి ఇద్దరూ వేయాల్సింది జీతం పడ్డ రోజే ఒక ఖాతాలోకి తీసేసి, మిగిలింది ఎవరిది వాళ్లే ఖర్చు పెట్టుకోవడం ఒకటే నాకు తెలిసిన దారి. గొడవ పోదు, కనీసం ఈఎంఐ బౌన్స్ కాదు.

మొన్న గురువారం నాకు మెసేజ్ వచ్చింది. "వదినా, చిన్న సాయం. అన్నయ్యకి చెప్పకండి." వంటింట్లో ఉన్నాను, చేతులు తుడుచుకుని ఫోన్ తీసుకెళ్లి ఆయనకు చూపించాను. నా ఫోన్ నాకే ఇచ్చేసి, తన ఫోన్లోంచి పంపారు: "వదిన చూపించింది. లేదురా."

కాసేపటికి బొటనవేలు గుర్తు వచ్చింది. దానికింద, "అమ్మకి మోకాలు ఎలా ఉంది?"