మీరు లేక దిగులుగా ఉంది, ఇట్లు మీ కంపెనీ

మనుషుల్లో ఆప్యాయతలు తగ్గిపోయాయని బాధపడేవాళ్లు ఒకసారి తమ ఈమెయిల్ తెరిచి చూసుకోవాలి. ఎప్పుడో ఒక్కసారి ఏదో కొన్న పాపానికి, సరిగ్గా ఏడాది నిండిన రోజున కంపెనీవారు "మిమ్మల్ని చాలా మిస్సవుతున్నాం" అని ఉత్తరం రాస్తారు. అమెరికాలో ఉన్న కొడుకులు కూడా అంత ఠంచనుగా పలకరించరు. ఈ బెంగను శంకించే పాపం నేను మూటగట్టుకోను. దాన్ని కాస్త దారిలో పెడితే అటు కంపెనీకీ ఇటు జనానికీ మేలని మాత్రం మనవి చేస్తున్నాను.

బెజవాడలో మా మేనమామ పోయినేడు మే నెలలో ఆన్‌లైన్‌లో ఒక ఆర్వో వాటర్ ప్యూరిఫైయర్ కొన్నారు. కంపెనీ మనిషే వచ్చి వంటింటి గోడకి బిగించి వెళ్లాడు. (మున్సిపాలిటీ ఇచ్చే కృష్ణ నీళ్లకి ఆర్వో అవసరమా అన్నది వేరే పంచాయితీ. అత్తయ్య ముందు ఎత్తకూడనిది.) మొన్న మే నెలలో ఆయనకి ఉత్తరం వచ్చింది. "మమ్మల్ని మర్చిపోయారా? తిరిగి వచ్చేయండి! ఏ ప్యూరిఫైయర్ కొన్నా 20 శాతం తగ్గింపు, ఈ మూడు రోజులే!"

రెండో ప్యూరిఫైయర్ ఎక్కడ బిగించాలో ఉత్తరంలో రాయలేదు. పూజగదిలో కాస్త ఖాళీ ఉంది.

కంపెనీ లెక్క ప్రకారం ఏడాదిగా ఏమీ కొననివాడు దూరమైపోయినవాడు. షాంపూ అమ్మేవాడికి ఆ లెక్క సరిపోతుంది, ఏడాదిగా షాంపూ కొనలేదంటే ఇంకొకరిది కొంటున్నాడనే అర్థం. ప్యూరిఫైయర్‌ని మాత్రం ఏళ్ల తరబడి వాడతారు. మా మావయ్య ఎక్కడికీ దూరం కాలేదు. రోజూ పొద్దున లేచి మొదట తాగేది ఆ కంపెనీ నీళ్లే. పోయినవాడు అనుకుని వీళ్లు ఏడుస్తుంటే ఆయన ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాడన్నమాట.

అసలు విచిత్రం ఏమిటంటే, ఆయనకి రాయడానికి సిసలైన కారణం ఒకటి అదే నెలలో సిద్ధంగా ఉంది. ఆ పెట్టెలో లవణాల్ని ఆపే పల్చటి పొర, అంటే మెంబ్రేన్‌కి ముందు రెండు ఫిల్టర్లుంటాయి. ఒకటి మట్టిని, నలకల్ని ఆపే సెడిమెంట్ ఫిల్టరు, రెండోది క్లోరిన్‌ని లాగేసే కార్బన్ ఫిల్టరు. నీళ్లను బట్టి ఇవి ఆరు నెలల నుంచి ఏడాది దాకా పనిచేస్తాయి. మెంబ్రేన్ మామూలుగా రెండు మూడేళ్లు వస్తుంది. కార్బన్ పని అయిపోయాక కూడా అలాగే వాడితే, కుళాయి నీళ్లలోని క్లోరిన్ నేరుగా వెళ్లి మెంబ్రేన్‌ని తినేస్తుంది. చవగ్గా వచ్చే ఫిల్టరుని మార్చకపోతే ఖరీదైనది పోతుంది.

మావయ్య జాగ్రత్తపరుడే. టీడీఎస్ మీటరు కొనుక్కుని ప్రతి ఆదివారం గ్లాసులో ముంచి, అంకె మారలేదు, అంతా బాగుందని తేలుస్తారు. కానీ మీటరు చెప్పేది నీళ్లలో కరిగిన లవణాల సంగతి, అంటే మెంబ్రేన్ ఆరోగ్యం. కార్బన్ సంగతి దానికి తెలియదు. అంకె పెరిగే సమయానికి మెంబ్రేన్ అప్పటికే దెబ్బతిని ఉంటుంది. ట్యాంకు నిండటానికి ముందుకంటే ఎక్కువసేపు పడుతోందంటే మాత్రం మొదట అనుమానించాల్సింది సెడిమెంట్ ఫిల్టర్నే.

ఈ విషయాలన్నీ, బిగించిన తేదీతో సహా, కంపెనీ దగ్గర ఉన్నాయి. కాకపోతే అవి తెలిసిన సర్వీసు విభాగం ఒక సాఫ్ట్‌వేర్‌లోనూ, బెంగపెట్టుకునే మార్కెటింగ్ విభాగం ఇంకో సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటాయి. రెండింటికీ మాటల్లేవు.

కాబట్టి ఆ ఉత్తరం ఇలా ఉంటే బాగుంటుందని నా వినతి. సబ్జెక్ట్ లైన్: "పోయిన మేలో బిగించిన మీ ప్యూరిఫైయర్‌కి ఫిల్టర్లు మార్చే సమయం". లోపల: "నమస్తే. మీ ఇంట్లో మా ప్యూరిఫైయర్ బిగించి ఏడాదైంది. సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్లు ఇక మార్చాలి. ఆలస్యమైతే మెంబ్రేన్ దెబ్బతింటుంది, దాని ఖర్చు చాలా ఎక్కువ. రెండు ఫిల్టర్లకీ, మా మనిషి రాకకీ కలిపి అయ్యేది ఇంత. మీకు వీలైన రోజు ఇక్కడ నొక్కి చెప్పండి. ఇప్పటికే మార్చేసుంటే ఆ మాటా ఇక్కడ నొక్కి చెప్పండి, వచ్చే ఏడాది దాకా పలకరించం." అంతే. బొమ్మలూ కన్నీళ్లూ అక్కర్లేదు. తగ్గింపు కూడా అక్కర్లేదు, ఎందుకంటే ఫిల్టరు మార్చాల్సినవాడు మామూలు ధరకే మారుస్తాడు. అలిగితే 20 శాతం తగ్గిస్తారని ఒకసారి తెలిస్తే మాత్రం ప్రతి ఏడాదీ అలుగుతాడు.

పంపే ముందు ఇంకో చిన్న పని ఉంది. ఎవరికి పంపకూడదో చూసుకోవడం. ఏడాది సర్వీసు కాంట్రాక్టు ముందే కట్టినవాళ్లని, పోయిన నెలే ఫిల్టరు మార్పించుకున్నవాళ్లని, వస్తువు వాపసు ఇచ్చినవాళ్లని తీసేయాలి. అందరికంటే ముందు, ఫిర్యాదు ఇంకా తేలనివాళ్లని తీసేయాలి. మా మావయ్య ఆగస్టులో పైపు కారుతోందని కంపెనీకి ఫోన్ చేశారు. ఆ ఫిర్యాదు నేటికీ "పరిశీలనలో ఉంది". ఆగస్టు నుంచి మే దాకా ఎవరు ఎవర్ని మిస్సయ్యారో ఒక కమిటీ వేసి తేల్చాలి.

మార్కెటింగ్ పెద్దలు దీనికి ఒప్పుకోరు. "మా ఉత్తరాలు జనం బ్రహ్మాండంగా తెరుస్తున్నారు" అని గ్రాఫు చూపిస్తారు. ఉత్తరంలోని బొమ్మ లోడ్ అయితే దాన్ని తెరిచినట్టు లెక్కేసుకోవడమే వాళ్ల పద్ధతి. కానీ 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో ఒక ఏర్పాటు చేసింది. దాన్ని ఆన్ చేసుకున్నవాళ్లకి ఉత్తరంలోని బొమ్మల్ని వాళ్లు తెరవకముందే యాప్ తెచ్చేసుకుంటుంది. దాంతో చదవని ఉత్తరం కూడా కంపెనీ లెక్కలో చదివినట్టే పడుతుంది. నమ్మదగిన అంకె ఒక్కటే, ఎంతమంది ఫిల్టరుకి రోజు ఖాయం చేసుకున్నారన్నది.

జవాబు రాకపోతే రెండు మూడు వారాల తర్వాత ఇంకొక్కసారి గుర్తుచేయొచ్చు. దానికీ పలక్కపోతే ఆ పేరుని ఈ జాబితాలోంచి తీసేయాలి. ఇక్కడే కంపెనీకి ప్రాణం ఒప్పదు. లక్ష పేర్లున్న జాబితా అరవై వేలైతే మీటింగులో మొహం ఎలా చూపించాలి? కానీ 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ రోజుకి 5,000కు పైగా ఉత్తరాలు పంపేవాళ్లకి నియమాలు పెట్టింది. ప్రచార ఉత్తరాలు ఇక వద్దని ఒక్క నొక్కుతో చెప్పే వీలుండాలి, స్పామ్ అని ఫిర్యాదు చేసేవాళ్ల శాతం 0.3కి చేరకూడదు. అంటే వెయ్యిమందిలో ముగ్గురికి విసుగొస్తే చాలు, మిగిలినవాళ్లకి వెళ్లాల్సిన ఉత్తరాలకీ ఎసరు వస్తుంది.

మా మావయ్య ఆ ముగ్గురిలో చేరిపోయారు. ఉత్తరం అడుగున చీమ తలంత బూడిదరంగు అక్షరాల్లో "వద్దు" అనే లింకు ఉంది. నొక్కితే లాగిన్ అవ్వమంది. పాస్‌వర్డ్ గుర్తులేదు. కొత్త పాస్‌వర్డ్ కోసం ఓటీపీ పాత నంబరుకి పోయింది. పైన స్పామ్ బటన్ మాత్రం ఏ పాస్‌వర్డూ అడగలేదు. ఇక కంపెనీకి ఎప్పుడైనా బుద్ధి పుట్టి ఫిల్టరు సంగతి రాసినా అది స్పామ్‌లోకే పోతుంది. వీధి చివర మెకానిక్ మాత్రం ఆదివారం వస్తానన్నాడట. ఆయనకి మావయ్య మీద బెంగేమీ లేదు, ఫోన్ చేస్తే ఎత్తాడు.