గ్రిడ్‌లో పెట్టాల్సింది మనిషిని కాదు

"9,1 నాయకుడు స్వభావతః కఠినుడు." నాయకత్వ సిద్ధాంతాలపై విద్యార్థులు రాసే వ్యాసాల్లో ఇలాంటి వాక్యం తరచూ కనబడుతుంది. 9,1 అంటే మేనేజీరియల్ గ్రిడ్ అనే పటంలో ఒక చోటు: పని మీద పూర్తి శ్రద్ధ, మనుషుల మీద అతి తక్కువ శ్రద్ధ. ప్రవర్తనా సిద్ధాంతం గురించి రాస్తూనే లక్షణ సిద్ధాంతంలోకి జారిపోవడం అంటే ఇదే.

లక్షణ సిద్ధాంతం అడిగే ప్రశ్న నాయకుడు ఎలాంటివాడు అని. తెలివి, ఆత్మవిశ్వాసం, చొరవ లాంటి గుణాలను అది వెతుకుతుంది. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను 1948లో పరిశోధకుడు స్టాగ్‌డిల్ సమీక్షించి, కొన్ని గుణాలు ఉన్నంత మాత్రాన ఎవరూ నాయకులైపోరని, పరిస్థితిని బట్టి అవసరమైన గుణాలు మారతాయని తేల్చారు. గుణాలకు అసలు విలువే లేదని మాత్రం ఆయన అనలేదు. చాలామంది ఇక్కడ తొందరపడి లక్షణ సిద్ధాంతాన్ని పాతిపెట్టేస్తారు.

ఆ తర్వాత ప్రశ్న మారింది: నాయకుడు ఏం చేస్తాడు? ఇది ప్రవర్తనా సిద్ధాంతం అడిగే ప్రశ్న. బ్లేక్, మౌటన్ 1964లో ఇచ్చిన మేనేజీరియల్ గ్రిడ్ ఈ దారిలోదే. అడ్డగీత పని మీద శ్రద్ధ, నిలువుగీత మనుషుల మీద శ్రద్ధ. రెండూ 1 నుంచి 9 దాకా ఉంటాయి. మొదటి అంకె ఎప్పుడూ పనిదే. దీన్ని తిరగేస్తే 9,1 కాస్తా 1,9 అయిపోతుంది, జవాబంతా తలకిందులవుతుంది.

ఒక సందర్భం ఊహించండి. రేపటికి ఇవ్వాల్సిన రిపోర్టులో లెక్కలు తప్పాయి, టీమ్ అలసిపోయి ఉంది. సూపర్‌వైజర్ "రాత్రికల్లా సరిచేయండి, కారణాలు నాకొద్దు" అంటే అది 9,1. "పోనీలే, ఇళ్లకెళ్లండి" అంటే 1,9. ఫైల్ పైకి పంపి ఊరుకుంటే 1,1. ముఖ్యమైన తప్పులు మాత్రం దిద్దించి, కొంచెం ఆలస్యంగా అయినా అందరినీ ఇంటికి పంపితే 5,5. తప్పు ఎక్కడ మొదలైందో అందరితో కూర్చుని వెతికి, పని పంచి, గడువు వదలకుండా నడిపిస్తే 9,9. ఐదు చోట్లా ఉన్నది ఒకే మనిషి కావచ్చు. గ్రిడ్‌లో గుర్తు పెట్టాల్సింది అతను ఆ రోజు నడుచుకున్న తీరుకే.

9,9 అంటే రెండు శ్రద్ధల మొత్తం కాదు. 1962లో ఫ్లైష్‌మన్, హారిస్ ఒక ట్రక్కుల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌లను పరిశీలించారు. మనుషులను పట్టించుకునే ఫోర్‌మన్ పనిలో కట్టుదిట్టం పెంచినా ఫిర్యాదులు పెద్దగా పెరగలేదు. పట్టించుకోని ఫోర్‌మన్ దగ్గర మాత్రం కట్టుదిట్టం ఎంతున్నా ఫిర్యాదులు ఎక్కువే. అంటే కట్టుదిట్టం ఎలా పనిచేస్తుందన్నదాన్నే మనుషుల మీద శ్రద్ధ మార్చేస్తోంది.

గ్రిడ్‌లో నాకు కనిపించే అసలు లోపం 'శ్రద్ధ' అనే మాటలోనే ఉంది. శ్రద్ధ మనసులో ఉండే వైఖరి, బయటికి కనిపించే చర్య కాదు. ప్రవర్తనను కొలుస్తామంటూ వైఖరిని కొలిచే ఈ పని మళ్లీ లక్షణ సిద్ధాంతం గుమ్మం దగ్గరికే వస్తుంది. అందుకే తన మార్కులు తానే వేసుకున్న మేనేజరు 9,9 దగ్గర, అతని టీమ్ వేసిన మార్కులు 9,1 దగ్గర పడినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అతను తన ఉద్దేశానికి మార్కులు వేసుకున్నాడు, వాళ్లు చూసినదానికి వేశారు.