దేవుడికి తెలుగు రాదని నోటీసు

మా బరంపురంలో ఒక గుడి ఉంది. ఏ గుడో చెప్పను, ప్రసాదం మానేస్తారు. మొన్న కార్తీకంలో ఆ గుడి గోడకి ఒక నోటీసు అంటించారు. గర్భగుడి ముందు ప్రార్థన సంస్కృతంలోనే చేయాలట, ప్రాంతీయ భాషల్లో పాటలు, విన్నపాలు నిషేధమట. నోటీసు ఇంగ్లీషులో ఉంది, కింద ఒడియాలో ఉంది. తెలుగులో లేదు. కమిటీలో ఉన్నవాళ్లంతా మనవాళ్లే, ఇంటి దగ్గర తెలుగులోనే పోట్లాడుకుంటారు. కానీ ఈ ఊళ్లో మన పిల్లలకి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం ఒడియాలో. కాబట్టి ప్రాంతీయ భాష వద్దనే మాటని ప్రాంతీయ భాషలో చెప్పక తప్పింది కాదు.

కమిటీ పెద్దాయనని అడిగాను, ఇదేం రూలండీ అని. ఆయన కళ్లు మూసుకుని త్వష్ట కథ చెప్పారు. కొడుకుని ఇంద్రుడు చంపేశాడన్న కోపంతో త్వష్ట హోమం చేశాడు. ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టాలని ‘ఇంద్రశత్రు’ అన్నాడు. ఆ మాటలో ఉదాత్తస్వరం చివరి అక్షరం మీద పడితే ఇంద్రుణ్ణి చంపేవాడని అర్థం. మొదటి అక్షరం మీద పడితే ఇంద్రుడి చేతిలో చచ్చేవాడని. త్వష్ట మొదటి అక్షరం మీద వేశాడు. వృత్రుడు పుట్టాడు, ఇంద్రుడి చేతిలోనే పోయాడు.

"చూశారా, ఒక్క స్వరం తప్పితే ఎంత ప్రమాదమో!" అన్నారు పెద్దాయన.

చూశాను. పతంజలి మహాభాష్యంలోనే ఉన్న ఉదాహరణ అది, కాదనడానికి నేనెవణ్ణి? వేదమంత్రానికి స్వరమే ప్రాణం, దాన్ని అనువదించి హోమం చేయమని ఎవరూ అనడం లేదు. నాకు వచ్చిన సందేహం వేరు. స్వరం తప్పినందుకు త్వష్టకే అంత జరిగితే, పోయిన నెల మా వీధిలో జరిగిన సత్యనారాయణ వ్రతానికి ఈపాటికి వీధి వీధంతా లేచిపోయి ఉండాలి.

ఆ వ్రతం సంగతి చెప్పాలి. కొత్తగా పెళ్లయిన జంట, అద్దె ఇల్లు. పురోహితుడు గారు సంకల్పం మొదలుపెట్టారు. సంకల్పం అంటే నేను ఫలానా చోట, ఫలానా రోజున, ఫలానా పని కోసం కూర్చున్నానని దేవుడికి రాసుకునే అడ్రసు. ఆయన మన ఊరికి తగ్గట్టు "గంగా గోదావర్యోర్మధ్యదేశే" అన్నారు. పక్కన పుస్తకం పట్టుకుని పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు కూర్చున్న పెద్దాయన "ఆగండాగండి, పుస్తకంలో కృష్ణా గోదావరి అని ఉంది" అన్నారు. అది అటువైపు జిల్లాల వాళ్ల కోసం వేసిన పుస్తకం. పది నిమిషాలు వాదన. చివరికి పుస్తకమే గెలిచింది. సత్యనారాయణస్వామి ఆ రోజు మా వీధికి బయల్దేరి ఏలూరులో దిగి ఉంటారు.

అక్కడితో అయిందా? పెళ్లికొడుక్కి ఆ పుస్తకం చేతికిచ్చి చదవమన్నారు. అతను ఇంజినీరు, కనబడ్డ అక్షరం వదలడు. "సొంత ఇల్లయినచో స్వగృహే, అద్దె ఇల్లయినచో వసతిగృహే అని చెప్పవలెను" అని రాగం తీసి మరీ చదివాడు. ఆ తర్వాత "ఇక్కడ యజమాని పేరు చెప్పుకోవలెను నామధేయస్య" అన్నాడు. అంతా భక్తిగా అక్షింతలు వేశాం.

ఇంతలో మేడమీద నుంచి ఇంటి ఓనరు గబగబా దిగి వచ్చాడు. ఒడియా ఆయన. మంత్రంలో ‘స్వగృహే’ అని వినబడిందట. అద్దెకున్నవాళ్లు పూజ చేసి మరీ ఇల్లు తమదంటున్నారేమోనని టెన్షన్ పడ్డాడు. మొత్తం వ్రతంలో మంత్రం అర్థమైన మనిషి ఆయనొక్కడే.

పోనీ అందరం కష్టపడి సంస్కృతమే నేర్చుకుందాం. ఎవరి సంస్కృతం? మన పంతులుగారు ‘విష్ణు’ అంటారు, ఒడియా పూజారి ‘బిష్ణు’ అంటారు. యజ్ఞంలోని మొదటి ‘య’ ఆయన నోట ‘జ’ అవుతుంది. ఆయన్ని చూసి నవ్వే మనం మాత్రం ఆ యజ్ఞాన్ని ‘యగ్నం’ అంటాం. కాశీ వాళ్లు క్రిష్ణ అంటే, మనమూ ఒడియా వాళ్లూ క్రుష్ణ అంటాం. వీళ్లందరి పూజలూ పూరీ నుంచి తిరుమల దాకా వెయ్యేళ్లుగా చెల్లుతున్నాయి. చెల్లనిది మా మామ్మగారి మంగళహారతి ఒక్కటే.

ఇంకో సంగతి. ఇదే గుడిలో ధనుర్మాసం ముప్ఫై రోజులూ తెల్లవారుజామున మైకులో తిరుప్పావై పెడతారు, రోజుకో పాశురం. రూలు ప్రకారం అదెలా కుదురుతుందని పెద్దాయన్ని అడిగాను. "అది సంస్కృతమే కదా" అన్నారు. గోదాదేవి తన తల్లిభాష తమిళంలో పాడుకుందండీ అని చెప్పాను. ఆయన ముఖం చూడాల్సింది. కాసేపాగి "మనకి అర్థం కాదు కదా, పరవాలేదు" అన్నారు.

అసలు రూలు అదన్నమాట.

పక్కింటి ఒడియా వదినగారు మార్గశిరంలో ప్రతి లక్ష్మివారం వాకిట్లో ముగ్గేసి, ధాన్యం కొలిచే మానం పెట్టి, లక్ష్మీపురాణం ఒడియాలో చదువుకుంటుంది. బలరామదాసు రాసింది. అందులో లక్ష్మి ఊరి చివర శ్రియా అనే చండాల స్త్రీ ఇంటికి వెళ్లి కూర్చుంటుంది. వదినగారికి ప్రతి పంక్తీ తెలుసు, శ్రియా దగ్గరికి వచ్చేసరికి గొంతు పూడుకుపోతుంది. ఒడియాలో భాగవతం రాసిన జగన్నాథదాసుని కూడా ఆ రోజుల్లో పండితులు వెక్కిరించారు, తేలి భాగవతం అని. అంటే నూనె తీసేవాళ్ల భాగవతం. ఆ తర్వాత ఊరూరా దాన్ని చదవడానికే భాగవత టుంగీలు కట్టుకున్నారు. వెక్కిరించిన పండితుల పేర్లు ఇప్పుడు వాళ్ల మునిమనవలకి కూడా తెలియవు.

మామ్మగారి సంగతి అన్నాను కదా. నోటీసు పెట్టిన వారానికి ఆవిడ గుడికొచ్చింది. మనవడు ఆసుపత్రిలో ఉన్నాడు. నోటీసు చదవలేదు, ఆవిడకి ఏ భాషలోనూ చదువు రాదు. గడప దగ్గర నిలబడి "నాయనా, ఆ గుంటడు పదేళ్లవోడు, ఆడికేటీ తెలీదు, నన్నట్టుకెళ్లు" అంది. కమిటీ కుర్రాడొకడు వచ్చి "మామ్మగారూ, తెలుగులో వద్దు, శ్లోకం చెప్పండి" అన్నాడు. ఆవిడకి శ్లోకం రాదు. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తప్పు చేసినదానిలా వెనక్కి తిరిగింది.

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. సిగ్గులేదయ్యా మీకు? ఎవరి గుడి అనుకున్నారు అది? డెబ్బై ఏళ్లుగా ఆవిడ అడిగినవన్నీ తెలుగులో విన్నవాడికి ఈ వారం చెవులు పోయాయా? వేదం చదివి అర్థం తెలుసుకోనివాడు బరువు మోసే మొద్దని యాస్కుడే నిరుక్తంలో ఎత్తి చూపాడు. అది సంస్కృతంలోనే ఉంది, చదువుకోండి. అర్థం తెలిసి ఏడ్చిన మనిషిని గెంటారు, మొద్దుల్ని లోపల కూర్చోబెట్టారు.

రెండేళ్లకోసారి ఇదే ఊళ్లో బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారు పుట్టింటికొచ్చిన ఆడపిల్లలా దేశీబెహెరా వీధికి వస్తుంది. ఈ కమిటీ వాళ్లూ ఆడవాళ్లతో వెళ్లి నిలబడతారు. అప్పుడు వాళ్ల నోట ఏ భాష వస్తుందో నేను దగ్గరుండి విన్నాను.

వానలకి నోటీసు చిరిగిపోయింది. కొత్తది రాయించాలని పెద్దాయన నన్ను సలహా అడిగారు. ఈసారి సంస్కృతంలో రాయించమన్నాను.

"మీరు భలేవారే, ఎవరికి అర్థమవుతుందండీ?" అన్నారు.