మొదటి లైనులో క్రియాపదానికి చోటేదీ?

ఇన్‌స్టాగ్రామ్ తెలుగు వాక్యానికి చేస్తున్న అన్యాయం గురించి ఇంతవరకూ అసెంబ్లీలో ఎవరూ ప్రశ్న వేయలేదు. కనీసం ఒక పత్రికా ప్రకటన కూడా వెలువడలేదు. కాబట్టి ఆ బాధ్యత నేనే నెత్తిన వేసుకుంటున్నాను.

అక్కడ ఒక క్యాప్షన్‌కు 2,200 అక్షరాల దాకా అనుమతి ఉంది. మనవాళ్ళకు అది చాలదు గానీ, దానం చేసినవాడి మనసు పెద్దదే. చిక్కల్లా ఏమిటంటే, ఫీడ్‌లో కనిపించేది రెండు లైన్లే. ఆ తర్వాత మూడు చుక్కలు, more అనే మాట. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళు చెప్పుకునే లెక్క సుమారు 125 అక్షరాలు. అది ఇంగ్లీషు లెక్క. అసలు కోత పడేది అక్షరాల సంఖ్యను బట్టి కాదు, తెర మీద పట్టే వెడల్పును బట్టి. ‘స్త్రీ’ అన్నది కంప్యూటర్ లెక్కలో ఆరు అక్షరాలు, తెర మీద మాత్రం ఒకే అక్షరమంత చోటులో ఒదిగిపోతుంది. అంటే ఒత్తులు మనకు ఉచితం. ఆ ఆనందంలో ఉండగానే మన గుండ్రటి అక్షరాలు ఒక్కొక్కటీ ఇంగ్లీషు i, l లాంటివి రెండు మూడు పట్టే చోటు ఆక్రమించి లాభమంతా తినేస్తాయి. పైగా ఆ రెండు లైన్లలో మొదట కూర్చునేది మీ ఖాతా పేరు. ఊరి పేరు, ఇలవేల్పు పేరు, ఇంటిపేరు కలిపి చివర అఫీషియల్ అని తగిలించుకున్నవారికి మొదటి లైనులో మిగిలేది ఒక నమస్కారానికి సరిపడా జాగా.

ఆ నమస్కారం దగ్గరే సగం మంది ఆగిపోతారు. శుభలేఖ మీద శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అన్నాకే పెళ్ళికొడుకు పేరు ఎత్తే జాతి మనది. అసలు విషయాన్ని మొదటి ముక్కలోనే చెప్పేయడం మనకు అమర్యాద. అయితే వేంకటేశ్వరుడికి దండం, అందరికీ నమస్కారం, మీ ఆదరాభిమానాలకు కృతజ్ఞతలు అయ్యేసరికి కోత పడుతుంది. చూసినవాడు ఇదేదో భక్తి పేజీ అనుకుని, లైకు కొట్టి, పుణ్యం మూటగట్టుకుని వెళ్ళిపోతాడు. సరుకు సంగతి దేవుడికే తెలియాలి.

నమస్కారం తీసేయడం కష్టమైనా సాధ్యమే. తీసేయలేనిది వ్యాకరణం. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. అంతకంటే ప్రమాదం, అవునా కాదా అన్నది కూడా ఆ క్రియలోనే దాక్కుని ఉంటుంది. వాక్యమంతా విన్నాక, ఆఖరి మాటతో ‘చేస్తాం’ అనవచ్చు, ‘చేయం’ అనవచ్చు. ఎదురుగా కూర్చున్న మనిషికైతే ఓపిక ఉంటుంది. more నొక్కని మనిషికి ఏముంటుంది?

మా అక్క ఇంటి నుంచే పచ్చళ్ళు అమ్ముతుంది. మొన్న వేసవిలో కొత్త ఆవకాయ పోస్టు కోసం క్యాప్షన్ సంఘం సమావేశమైంది. అధ్యక్షుడు మా బావ. సాంకేతిక సలహాదారు ఇంజనీరింగ్ చదువుతున్న మేనల్లుడు. నేను పిలవని పేరంటం. బావ తన అక్షర సంపదంతా ఖర్చు పెట్టి రాసిన వాక్యం ఇది: ‘మా ఆవకాయలో రంగులు, పామాయిల్, నిల్వ ఉండే మందులు, పోయినేడు మిగిలిన కారం లాంటివి ఏవీ వాడము.’ చదివితే ఎంత నిజాయితీ! మావాడు దాన్ని పోస్టు చేసి ఫోన్ చూపించాడు. తెర మీద ఇలా ఉంది:

‘మా ఆవకాయలో రంగులు, పామాయిల్, నిల్వ ఉండే మందులు, పోయినేడు మిగిలిన కారం... more’

ఇంత పారదర్శకంగా తన నేరాలు ఒప్పుకున్న వ్యాపారి దేశంలో మరొకడు ఉండడు.

క్రియను ముందుకు తెద్దామని నేను సూచించాను. ‘వాడము మేము రంగులు’ అంటే పద్య నాటకంలో రాయబారంలా ఉందని కొట్టిపారేశారు. (ఈ విద్య బాగా తెలిసినవాళ్ళు మన రాజకీయ నాయకులు. ‘కట్టింది మేమే, తెచ్చింది మేమే’ అంటారు. ఎక్కడ కత్తిరించినా పని జరిగినట్టే ఉంటుంది, చేసిందెవరన్నదే తెగిపోతుంది. ఆ తెగిన ముక్కను ఏ పార్టీ అయినా వాడుకోవచ్చు.)

మేనల్లుడు తన తరం పద్ధతి చెప్పాడు. ‘మామయ్యా, విషయం దాచాలి. ఆవకాయ కొనేముందు ఈ ఒక్కటి చూసుకోకపోతే, అని ఆపేయాలి. టెన్షన్ తట్టుకోలేక నొక్కుతారు’ అన్నాడు. నొక్కుతారు, నిజమే. నొక్కాక అక్కడ ‘మూత గట్టిగా ఉందో లేదో చూసుకోండి’ అని ఉంటే రెండోసారి మాత్రం నొక్కరు. ఆ పద్ధతి సినిమా వార్తల పేజీలకు చెల్లుతుంది, వాళ్ళకు రోజూ కొత్త జనం వస్తారు. అక్క దగ్గర కొనేవాళ్ళు ఏటా అవే ఇళ్ళవాళ్ళు.

చివరికి వాక్యాన్ని ముక్కలు చేయడమే దారి అని తేలింది. ముక్కకో క్రియ, లేదా అసలు క్రియే అక్కర్లేని ముక్క. ‘రంగు కలపం. ఆవకాయ కిలో 650. ఆర్డర్లు ఆదివారం వరకే.’ ఎక్కడ కోత పడినా అంతకుముందున్న ముక్క తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది. నువ్వుల నూనె కథ, గుంటూరు కారం కథ, అమ్మమ్మ జాడీ కథ, హ్యాష్‌ట్యాగులు అన్నీ more వెనక్కి వెళ్ళాయి. ధర మొదటి లైనులో పెట్టడానికి బావ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ‘రేటు కోసం మెసేజ్ చేయండి’ అనడంలో ఒక హుందాతనం ఉందట. ఆ హుందాతనం వల్ల పోయినేడు రాత్రి పదకొండింటి దాకా అందరికీ విడివిడిగా రేటు చెబుతూ కూర్చున్నది తనే అని అక్క గుర్తుచేసింది. తీర్మానం నెగ్గింది.

పరీక్ష కూడా సక్రమంగానే జరిగింది. మేనల్లుడి పెద్ద ఫోన్‌లో మూడు ముక్కలూ దర్జాగా కనిపించాయి. అక్క అత్తగారి ఫోన్ చిన్నది, పైగా చత్వారానికి అక్షరాల సైజు పెంచి పెట్టుకున్నారు. అందులో ‘ఆవకాయ కిలో’ దగ్గరే పడింది కోత. కిలో ఎంతన్నది అమెరికాలో ఉన్న కోడళ్ళకు తెలుస్తుంది, డబ్బులిచ్చి కొనే అత్తగార్లకు తెలియదు. ‘650కి కిలో ఆవకాయ’ అని తిప్పి రాశాక అందులోనూ గట్టెక్కింది.

అప్పుడు మావాడు నింపాదిగా చెప్పాడు, ఇది ఫోటో కాదు, రీల్ అని. రీల్ మీద క్యాప్షన్‌కు దక్కేది అడుగున ఒక్క లైను. అందులో ‘రంగు కలపం. 650కి...’ దాకా వచ్చింది. సంఘం మళ్ళీ మొదటి నుంచి కూర్చుంది. కలపం ముందా, కిలో ముందా అని బావా నేనూ గొంతులు పెంచుకుంటుంటే అత్తగారు వసారాలోంచి వచ్చారు. గోనెసంచి మీద పరిచిన పెద్దరసాలు రెండు రోజులుగా ముక్కలు కొట్టేవాడి కోసం ఎదురుచూస్తున్నాయి.

‘కాయలు మెత్తబడ్డాయి నాయనా. ఆవకాయకు ఇక పనికిరావు, తాండ్ర పోస్తాను. మీరు దానికి రాయండి’ అన్నారు.