మారటోరియంలో వడ్డీ ఆగదండీ

“మా అబ్బాయి బీటెక్ అయ్యి ఏడాది దాటేదాకా కట్టక్కర్లేదన్నారు. చదువు లోను 4 లక్షలు తీసుకుంటే ఇప్పుడు 5 లక్షల 40 వేలంటున్నారు, ఎలాగండీ?”

ఆ కట్టక్కర్లేని గడువునే మారటోరియం అంటారు. అందులో ఆగింది కట్టడం ఒక్కటేనండీ, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఏటా లక్ష చొప్పున ఇచ్చారనీ, 10 శాతం సాధారణ వడ్డీ అనీ అనుకుందాం. మొదటి లక్షకు అయిదేళ్ల వడ్డీ 50 వేలు, తర్వాతి వాటికి 40, 30, 20 వేలు. మొత్తం 1,40,000. చదువైన ఏడాదికి ఇది అసల్లో కలిసిపోతుంది, అక్కణ్ణుంచి దీని మీద కూడా వడ్డీ పడుతుంది. పదేళ్ల గడువుకి ఈఎంఐ సుమారు 7,140. వడ్డీ కలవకపోతే 5,290 చాలేది.

మా అమలాపురం వైపు చాలామంది సార్వా, దాళ్వా పంటల డబ్బు చేతికి రాగానే అప్పటిదాకా అయిన వడ్డీ కట్టేస్తారు. మొదటి ఏడాది నెలకు 833 రూపాయలే కదా! ఇలా కడుతూ ఉంటే కొన్ని బ్యాంకులు వడ్డీ రేటు ఒక శాతం తగ్గిస్తాయి, ముందే అడగాలి.

కట్టలేకపోయినవాళ్లకు ఆ చివరి ఏడాదే అవకాశం. చదువవగానే ఉద్యోగం వస్తే, ఈఎంఐ మొదలయ్యేలోపు నెలకు 11,700 చొప్పున 12 నెలలు కడితే ఆ 1,40,000 తీరిపోతుంది, అసలు 4 లక్షల దగ్గరే ఉంటుంది. కొత్త బండి ఆ తర్వాత కొనుక్కోవచ్చు. ఈఎంఐ ఖరారయ్యే ముందు స్టేట్‌మెంట్ తీసుకుని, కట్టింది వడ్డీలో జమైందో లేదో చూడమనండి.