సవరణ: తప్పుడు చలానాను వదిలేయడం గురించి

"మన బండి కాదు కదా, చలానా కట్టకుండా వదిలేస్తే లైసెన్స్‌కేం కాదు" (పాత పోస్టులోని మాట)

ఇది సరికాదు. పట్టించుకోకపోతే చలానా కోర్టుకు వెళ్లొచ్చు, ఆర్టీఓలో పనులూ ఆగొచ్చు. ఒక్క జరిమానా బాకీతో లైసెన్స్ దానంతటదే రద్దు కాదు. కానీ అతివేగం లాంటి నేరమైతే సస్పెన్షన్ దాకా పోవచ్చు.

ఉదాహరణకు, కడపలో మీ స్కూటర్‌కు కర్నూలు చలానా వచ్చిందనుకోండి. ముందు ఫొటో తెరిచి చూడండి. అందులో ఉన్నది బైక్ అయితే నంబర్‌లో ఒక అంకె తప్పు చదివి ఉండొచ్చు. డబ్బు మాత్రం కట్టకండి, కడితే నేరం ఒప్పుకున్నట్టే. echallan.parivahan.gov.in లో ఫిర్యాదు పెట్టి, ఆర్‌సీ, మీ స్కూటర్ ఫొటో జతచేయండి. మీ రాష్ట్రంలో ఆన్‌లైన్‌లో నడిచే వర్చువల్ కోర్టు ఉండి, చలానా అప్పటికే అక్కడికి వెళ్లి ఉంటే vcourts.gov.in లో కేసు ఎదుర్కొంటానని ఎంచుకోండి, అది మామూలు కోర్టుకు మారుతుంది.